నెలకో బిల్లు, ట్రిప్పుకో చలానా: ఐసు ఫ్యాక్టరీలు తరచుగా అడిగే ప్రశ్నలు

భీమవరం, నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఐసు ఫ్యాక్టరీల నుంచి రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లకు రోజుకు ఒకటో రెండో ట్రిప్పుల ఐసు వెళ్తుంది. ఒక్కో ట్రిప్పు విలువ ఆరేడు వేలు. ప్లాంటు అకౌంట్స్ వాళ్లు నెలకు ఒకే బిల్లు అడుగుతారు, దానికి ప్రతి ట్రిప్పుతో వెళ్లిన డెలివరీ చలానాలన్నీ జతచేయమంటారు. ఈ పద్ధతిలో ప్రతి నెలాఖరుకూ అవే సందేహాలు తిరిగి వస్తున్నాయి కాబట్టి వాటిని ఒకచోట చేర్చాం. ఏ ప్రశ్న కావాలంటే ఆ ప్రశ్నే చదువుకోవచ్చు.

లెక్కలన్నిటికీ ఒకే ఉదాహరణ తీసుకున్నాం. నవంబరు నెలలో ఒక ప్లాంటుకు 52 ట్రిప్పులు, ట్రిప్పుకు 40 దిమ్మలు, దిమ్మ ₹160, ఐసుపై జీఎస్టీ 5 శాతం. ధర ఉదాహరణకు అనుకున్నదే, మీ రేటు వేసుకోండి.

## మొదలుపెట్టే ముందు

అసలు నెలకు ఒకే బిల్లు ఇవ్వడం జీఎస్టీలో కుదురుతుందా? సరుకు బయల్దేరేటప్పుడే బిల్లు ఉండాలంటారు కదా?

మామూలు నియమం అదే. సీజీఎస్టీ చట్టం సెక్షన్ 31(1) ప్రకారం సరుకు గేటు దాటేలోపు ట్యాక్స్ ఇన్వాయిస్ ఉండాలి. నెలవారీ బిల్లుకు ఆధారం అదే సెక్షన్‌లోని నాలుగో ఉపవిభాగం, అంటే నిరంతర సరఫరా. ఒప్పందం ప్రకారం పదేపదే సరుకు వెళ్తూ, నిర్ణీత కాలానికోసారి లెక్కల పట్టీ గానీ చెల్లింపు గానీ ఉండే సరఫరా ఇది. ఇందులో ఆ పట్టీ ఇచ్చేనాటికి గానీ, డబ్బు అందేనాటికి గానీ ఇన్వాయిస్ ఇస్తే చాలు.

ఇక్కడ అసలు మాట ఒప్పందం. రోజూ ఫోన్ చేసి "ఓ నలభై దిమ్మలు పంపండి" అంటే పంపడం, నెలాఖరున అన్నీ కూడి బిల్లు రాయడం మాత్రమే ఉంటే అది నిరంతర సరఫరా అని నిరూపించడం కష్టం. అప్పుడు ట్రిప్పు ట్రిప్పుకూ బిల్లు రాయాల్సిందే. నెలవారీ బిల్లు కావాలంటే ముందు కాగితం మీద ఒప్పందం ఉండాలి.

ఒప్పందం అంటే స్టాంపు పేపరు మీద రాయించాలా? అందులో ఏమేం ఉండాలి?

ఏడాదికి ఒక ఓపెన్ పీవో, అంటే ప్లాంటు ఇచ్చే కొనుగోలు ఆర్డరు, దాన్ని మీరు అంగీకరించినట్టు సంతకంతో ఒక లేఖ ఉంటే సరిపోతుంది. అందులో ఈ విషయాలు మాత్రం స్పష్టంగా ఉండాలి: సరఫరా ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, దిమ్మ రేటు ఎంత, రేటు మారితే ఎలా తెలియజేస్తారు, లెక్కల పట్టీ నెలలో ఏ రోజున ఇస్తారు, పట్టీ ఇచ్చిన రోజే ఇన్వాయిస్ ఇస్తారు, బిల్లు అందిన దిమ్మలకా పంపిన దిమ్మలకా, దారిలో విరిగినవి ఎవరి లెక్క, డబ్బు ఎన్ని రోజుల్లో ఇస్తారు.

చాలా పీవోల్లో కనిపించని వాక్యం లెక్కల పట్టీ గురించినది. "ప్రతి నెల చివరి తేదీన సరఫరాదారు లెక్కల పట్టీ, ఇన్వాయిస్ ఇస్తారు" అన్న ఒక్క ముక్క రాయించుకోండి. మీ నెలవారీ బిల్లు మొత్తం ఆ ముక్క మీదే నిలబడుతుంది.

దిమ్మల లెక్కన బిల్లు వేయాలా, కిలోల లెక్కనా?

మీ చేతిలో ఉంటే దిమ్మల లెక్కే పెట్టుకోండి. ఐసు కరుగుతుంది. మధ్యాహ్నం ఎండలో ముప్పావుగంట ప్రయాణం చేసిన బండి ఫ్యాక్టరీలో చూపిన బరువును ప్లాంటు కాటా మీద చూపించదు. కిలోల్లో ఒప్పుకుంటే 52 చలానాల్లో 52 తేడాలు వస్తాయి, ప్రతి దానికీ వివరణ రాసుకోవాలి. దిమ్మల లెక్కలో అయితే విరిగినవి, తిప్పి పంపినవి మాత్రమే తేడా. ఇన్వాయిస్‌లో యూనిట్ `NOS` అని పెట్టండి.

ప్లాంటు కిలోలే కావాలని పట్టుబడితే బరువు ఒకేచోట తూచేలా ఒప్పుకోండి, అది దించే చోటే కావాలి. అప్పుడు చలానాలో మీరు రాసేది అంచనా బరువు. కచ్చితమైన పరిమాణం తెలియనప్పుడు చలానాలో తాత్కాలిక పరిమాణం రాయడానికి సీజీఎస్టీ నిబంధనల్లోని రూల్ 55 ఒప్పుకుంటుంది. అంకె పక్కన "తాత్కాలికం" అని రాసి, కాటా చీటీని ఆ చలానాకే పిన్ను చేయండి.

₹200 లోపు అమ్మకాలకు ఒకే బిల్లు రాయొచ్చంటారు, అది మాకు పనికొస్తుందా?

పనికిరాదు. ఆ వెసులుబాటు జీఎస్టీ నంబరు లేని, బిల్లు అడగని కొనుగోలుదారుల కోసం. అదీ ఏ రోజుది ఆ రోజు సాయంత్రం రాయాలి, నెలకు కాదు. ఫ్యాక్టరీ గుమ్మం దగ్గర ఒకటీ అరా దిమ్మలు కొనుక్కుపోయే చేపల బుట్టవాళ్లకు వర్తిస్తుంది గానీ, రిజిస్టరైన ప్లాంటుకు వర్తించదు.

మేం కాంపోజిషన్‌లో ఉన్నాం. మాకూ ఇదే పద్ధతా?

చలానాలు, జాబితా, సంతకాలు అన్నీ ఇవే. నెలాఖరున ఇచ్చేది మాత్రం ట్యాక్స్ ఇన్వాయిస్ కాదు, బిల్ ఆఫ్ సప్లై. దాని మీద పన్ను చూపకూడదు, చలానాలో కూడా పన్ను గడి ఖాళీ. ప్లాంటుకు ఐటీసీ, అంటే కట్టిన పన్నుకు జమ, రాదని ముందే చెప్పాలి.

## ట్రిప్పు బయల్దేరేటప్పుడు

చలానాలో తప్పనిసరిగా ఏమేం రాయాలి? మా పాత ప్యాడ్‌లో పేరు, దిమ్మలు మాత్రమే ఉన్నాయి.

ఆ ప్యాడ్ పక్కన పెట్టండి. తేదీ, వరుస నంబరు, మీ పేరు, చిరునామా, జీఎస్టీ నంబరు, ప్లాంటు పేరు, చిరునామా, జీఎస్టీ నంబరు, సరుకు పేరు, హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (ఐసుకు `22019010`), ఎన్ని దిమ్మలు, విలువ, పన్ను రేటు, పన్ను మొత్తం, మీ సంతకం ఉండాలి. సరుకు అమ్మకానికే వెళ్తోంది కాబట్టి విలువ, పన్ను రాయకుండా "బిల్లు తర్వాత" అని వదిలేయకూడదు. మన ఉదాహరణలో ప్రతి చలానా మీద 40 దిమ్మలు, ₹6,400, సీజీఎస్టీ ₹160, ఎస్‌జీఎస్టీ ₹160, మొత్తం ₹6,720 అని ఉండాలి.

చట్టం అడగకపోయినా మీకు అక్కరకొచ్చేవి ఇంకో మూడు: బండి నంబరు, బయల్దేరిన సమయం, పీవో నంబరు. కింద సగం "అందినవి, తేడా, కారణం, సంతకం, సీలు, సమయం" అని ప్లాంటు వాళ్లు నింపే గడులుగా అచ్చు వేయించండి. ఖాళీ గడి కనిపిస్తే మనిషి నింపుతాడు. గడే లేకపోతే సంతకం ఒకటి గీసి ఇచ్చేస్తాడు.

మూడు కాపీల్లో ఏది ఎవరికి? సంతకం ఎందులో కావాలి?

మొదటిది సరుకు తీసుకునేవాళ్లకు, రెండోది బండివాడికి, మూడోది ప్యాడ్‌లో మీకు. ఏది ఎవరిదో కాపీ మీద అచ్చులో ఉండాలి. డ్రైవరు మొదటి రెండూ తీసుకెళ్తాడు. మొదటిది గేటు దగ్గర ఇచ్చేస్తాడు. రెండో దాని మీద అందినట్టు సంతకం, సీలు వేయించుకుని తిరిగి తెస్తాడు. నెలాఖరు బిల్లుకు సాక్ష్యం ఆ రెండో కాపీయే. డ్రైవరు ఫ్యాక్టరీకి రాగానే ముందు ఆ కాపీ గుమస్తాకు ఇవ్వాలి, ఆ తర్వాతే రెండో ట్రిప్పు లోడు ఎక్కించాలి. ఈ ఒక్క కట్టుబాటు ఉంటే నెలాఖరు వెతుకులాట చాలావరకు తగ్గుతుంది.

చలానాలు తడిసిపోయి అక్షరాలు కనబడటం లేదు. ఏం చేయాలి?

ఐసు బండిలో ఇది రోజూ ఉండే బాధే. దిమ్మలు దించిన చేత్తోనే డ్రైవరు కాగితం పట్టుకుంటాడు. జెల్ పెన్నుతో రాస్తే సిరా పాకి, 38కీ 33కీ తేడా తెలియకుండా పోతుంది. మామూలు బాల్ పెన్నుతో, గట్టిగా ఒత్తి రాయండి. జిప్ ఉన్న ప్లాస్టిక్ కవరు ఒకటి క్యాబిన్‌లో కట్టి ఉంచండి, కాగితం సంతకానికి మాత్రమే బయటికి రావాలి. అంకెతో పాటు అక్షరాల్లోనూ రాయండి: "40 (నలభై)".

వచ్చిన కాపీని ఆ రోజే ఆరబెట్టి ఫోన్‌తో ఫొటో తీయండి. ఫైలు పేరు చలానా నంబరే కావాలి, `0378` లాగా. కార్బన్ కాపీ రాత కొన్నాళ్లకు వెలిసిపోతుంది, మీరు మాత్రం ఈ రికార్డులను వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు చూపించగలగాలి.

ఒక్కో ప్లాంటుకు వేరే నంబర్ల వరుస పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు, పెట్టుకోవడమే మేలు. చలానా నంబర్లు ఒకటి లేదా అంతకంటే ఎక్కువ వరుసల్లో ఉండొచ్చు. నంబరు 16 అక్షరాలకు మించకూడదు, ఆర్థిక సంవత్సరంలో ఒకసారి వాడింది మళ్లీ రాకూడదు. అందరికీ ఒకే ప్యాడ్ అయితే ఒక ప్లాంటు జాబితాలో 365, 368, 371 అని గంతులు పడతాయి. మధ్యలోవి ఏమయ్యాయని అకౌంట్స్‌లో అడుగుతారు, మీకూ ఏది పోయిందో తెలియదు. ఆ ప్లాంటుకే వేరే వరుస ఉంటే నవంబరు `DC/25-26/0365` నుంచి `DC/25-26/0416` దాకా గండి లేకుండా 52 చలానాలు వరుసగా కనిపిస్తాయి.

ట్రిప్పుకు ఈ-వే బిల్లు కావాలా? నెల మొత్తం ₹50,000 దాటుతుంది కదా?

నెల మొత్తాన్ని చూడరు. బండిలో ఉన్న సరుకు విలువ, పన్నుతో కలిపి ₹50,000 దాటిందా అన్నదే ప్రశ్న. ₹6,720 ట్రిప్పుకు అక్కర్లేదు. ఇదే రేటుకు ఒకే లోడులో 298 దిమ్మలు ఎక్కితే ₹50,064 అవుతుంది, అప్పుడు చలానా నంబరుతోనే ఈ-వే బిల్లు తీయాలి. పెద్ద లోడును తగ్గించి చూపడానికి ఒకే బండికి మూడు చలానాలు రాయకండి. తనిఖీలో బండి నంబరు, సమయం ఒకటే కనబడి ప్రశ్న అక్కడే మొదలవుతుంది.

చలానా తప్పుగా రాశాం, చించేసి కొత్తది రాయొచ్చా?

చించకండి. మూడు కాపీలూ ప్యాడ్‌లోనే ఉంచి అడ్డంగా "రద్దు" అని రాసి సంతకం పెట్టండి, తర్వాతి నంబరులో కొత్తది రాయండి. నెలాఖరు జాబితాలో ఆ నంబరు ఎదుట కూడా "రద్దు" అని ఉండాలి. బండి వెళ్లాక తప్పు కనబడితే, అంకె మీద ఒకే గీత గీసి పక్కన సరైనది రాసి, ఇటు మీరు, అటు దించుకున్నవాళ్లు ఇద్దరూ సంతకం చేయాలి. అంకె మీద అంకె దిద్దిన చలానాను అకౌంట్స్‌లో ఎవరూ పాస్ చేయరు.

## ప్లాంటు గేటు దగ్గర

40 పంపితే 38 అందాయని రాశారు. చలానా మార్చాలా?

మార్చక్కర్లేదు. చలానా మీరు పంపినదానికి సాక్ష్యం, అది 40గానే ఉంటుంది. అందినవాటి గడిలో "38, రెండు విరిగాయి" అని వాళ్లు రాసి సంతకం చేస్తే, పక్కన మీ డ్రైవరు కూడా చేయాలి. ఒప్పందం అందినవాటికే బిల్లు అన్నప్పుడు ఇన్వాయిస్‌లోకి వెళ్లేది 38.

కారణం మాటల్లో రాయించుకోవడం ముఖ్యం. విరిగితే అది లోడింగ్ సమస్య. ఉప్పగా ఉందని తిప్పి పంపితే ఫ్యాక్టరీ సమస్య: ఐసు డబ్బాకు తుప్పు పట్టి చిల్లు పడితే ట్యాంకులోని ఉప్పునీరు లోపలికి దిగుతుంది, దిమ్మ సరిగా గట్టిపడదు, రొయ్యకు పనికిరాదు. "3 వాపసు" అని మాత్రమే రాస్తే ఏ డబ్బా మార్చాలో మీకు తెలియదు.

రాత్రి ట్రిప్పు 30న బయల్దేరి 1వ తేదీ అర్ధరాత్రి దాటాక దిగింది. ఏ నెల బిల్లులోకి?

ఒప్పందంలో ఒక నియమం పెట్టుకుని అందరూ దానికే కట్టుబడాలి. సులువైనది చలానా తేదీ: 30న రాసింది నవంబరులోకే. ప్లాంటు తమ ఇన్వర్డ్ రిజిస్టరులో 1వ తేదీ వేస్తే ఆ ఒక్క ట్రిప్పు వాళ్ల నవంబరులో లేక, మీ నవంబరులో ఉండి, 40 దిమ్మల తేడా చూపుతుంది. చివరి రోజు రాత్రి ట్రిప్పును పదిన్నరలోపు దించేలా పంపగలిగితే ఆ తగాదాయే ఉండదు.

సంతకం పెట్టేవాళ్లు రోజుకొకరు మారుతున్నారు. పర్వాలేదా?

సీలు ఉండి, పేరు చదవగలిగేలా రాస్తే పర్వాలేదు. దిమ్మలు లెక్కపెట్టుకునేది స్టోరు మనిషి. గేటు సెక్యూరిటీ సీలు బండి లోపలికి వచ్చిందనే చెబుతుంది, ఎన్ని దిగాయో చెప్పదు. కాబట్టి స్టోరు సంతకం తప్పనిసరి.

## నెలాఖరున

బిల్లు రాసే ముందు ఏం సరిచూసుకోవాలి?

బిల్లు ముందు రాసి తర్వాత సరిచూడటమే చాలామంది చేసే పొరపాటు. వరుస ఇలా ఉండాలి: ముందు జాబితా, తర్వాత ప్లాంటు స్టోరుతో లెక్క కలపడం, తర్వాత పట్టీ, ఆ వెంటనే ఇన్వాయిస్. లెక్క కలపడం నెలాఖరుదాకా ఆపకండి. ప్రతి శనివారం ఆ వారం చలానా నంబర్లు, అందిన దిమ్మలు వాట్సాప్‌లో స్టోరుకు పంపి "సరే" అనిపించుకుంటే చివరి రోజున మిగిలేది ఆఖరి కొద్ది రోజులే.

జాబితా ఎక్సెల్‌లో ఇలా ఉంటుంది. నవంబరు నుంచి కొన్ని వరుసలు:

| తేదీ | చలానా | పంపినవి | అందినవి | కారణం |
|---|---|---|---|---|
| 01-11 | 0365 | 40 | 40 | |
| 07-11 | 0378 | 40 | 38 | 2 విరిగాయి |
| 21-11 | 0401 | 40 | 37 | 3 ఉప్పునీరు, వాపసు |
| 29-11 | 0416 | 40 | 40 | |

చలానా నంబరు B గడిలో, అందినవి D గడిలో, మొదటి ట్రిప్పు రెండో వరుసలో ఉంటే ఈ మూడు సూత్రాలు చాలు:

```
=SUM(D2:D53)
=COUNTIF(B$2:B$53,B2)
=B3-B2
```

మొదటిది అందిన మొత్తం దిమ్మలు. రెండోదాన్ని ప్రతి వరుసకూ, మూడోదాన్ని ఆఖరి వరుస తప్ప అన్నిటికీ కిందికి లాగండి. రెండోది 1 కంటే ఎక్కువ చూపితే ఒకే చలానా రెండుసార్లు ఎక్కింది. మూడోది 1 కాకపోతే మధ్యలో చలానా జారిపోయింది. ఈ మూడోది పనిచేయాలంటే నంబరు గడిలో చివరి అంకెలు మాత్రమే, సంఖ్యగా ఎక్కించాలి.

నవంబరు బిల్లు చివరికి ఎంత వస్తుంది, లెక్క చూపిస్తారా?

52 ట్రిప్పులకు 40 చొప్పున పంపినవి 2,080. చలానా 0378లో 2, 0401లో 3 తగ్గాయి. అందినవి 2,075. దిమ్మ ₹160 చొప్పున ₹3,32,000. సీజీఎస్టీ 2.5 శాతం ₹8,300, ఎస్‌జీఎస్టీ 2.5 శాతం ₹8,300. మొత్తం ₹3,48,600.

ఇన్వాయిస్‌లో 52 వరుసలు అక్కర్లేదు. "ఐసు దిమ్మలు, 2,075, ₹160" అని ఒక్క వరుస, దాని కింద "చలానాలు `DC/25-26/0365` నుంచి `0416` వరకు, 1-11-2025 నుంచి 30-11-2025 వరకు, జాబితా జతపరచడమైనది" అన్న వాక్యం చాలు. చలానాల మీది విలువలు కూడితే 2,080 దిమ్మల లెక్క వస్తుంది, ఇన్వాయిస్ 2,075కు. ఆ 5 దిమ్మల తేడా జాబితాలో కారణంతో సహా కనిపించాలి. అది కనిపించని చోటే బిల్లు ఆగిపోతుంది.

నెల మధ్యలో ఐసు రేటు పెరిగింది. సగటు వేసి రాయొచ్చా?

సగటు వద్దు. ఇన్వాయిస్‌లో రెండు వరుసలు రాయండి: ఫలానా తేదీ వరకు ఇన్ని దిమ్మలు పాత రేటుకు, ఆ మర్నాటి నుంచి ఇన్ని కొత్త రేటుకు. రేటు పెంచుతూ ఇచ్చిన లేఖ, దానికి వాళ్ల అంగీకారం జతచేయండి. జాబితాలోనూ అక్కడే గీత గీసి రెండు ఉపమొత్తాలు చూపండి.

పన్ను రేటే మారితే విషయం వేరు. 2025 సెప్టెంబరు 22న చాలా సరుకుల రేట్లు మారాయి. ఐసు 5 శాతంలోనే ఉంది గానీ, 20 లీటర్ల మంచినీళ్ల క్యాన్లు 12 నుంచి 5కు వచ్చాయి. ఐసుతో పాటు క్యాన్లూ పంపేవాళ్లు అలాంటి సమయంలో మార్పు ముందురోజు వరకు ఒక పట్టీ, ఒక ఇన్వాయిస్ ముగించేయడం చిక్కులేని దారి.

బండి కిరాయి విడిగా చూపితే దానికి 18 శాతం వేయాలా?

ఐసు మీరే చేరవేసి ఇస్తున్నప్పుడు కిరాయి ఆ సరఫరాలో భాగం, దానికీ ఐసు రేటే, 5 శాతం. విడి వరుసలో చూపినా రేటు మారదు.

ఇన్వాయిస్ తేదీ 30 వేయాలా? మేం అన్నీ సర్దుకునేసరికి 3వ తేదీ అవుతోంది.

ఒప్పందంలో పట్టీ తేదీ నెల చివరిరోజైతే ఇన్వాయిస్ కూడా ఆ రోజుదే కావాలి. 3వ తేదీ వేస్తే నవంబరు సరుకు డిసెంబరు రిటర్నులోకి పోతుంది. నవంబరు రిటర్నులో ఉంటే ప్లాంటుకు డిసెంబరు 14న 2బీలో, అంటే జీఎస్టీ పోర్టల్ వాళ్లకు చూపే ఐటీసీ పట్టీలో, కనిపించాల్సిన పన్ను, జనవరి 14న కనిపిస్తుంది. 3వ తేదీన రాసి వెనక తేదీ వేయడం పరిష్కారం కాదు. ఈ-ఇన్వాయిస్ తీసేవాళ్లకు ఐఆర్ఎన్, అంటే పోర్టల్ ఇచ్చే ఇన్వాయిస్ గుర్తింపు సంఖ్య, తీసిన తేదీ అక్కడే పడి ఉంటుంది.

ఈ-ఇన్వాయిస్ చలానాలకూ తీయాలా?

అక్కర్లేదు. ఏడాది టర్నోవరు ₹5 కోట్లు దాటినవాళ్లు నెలాఖరు ఇన్వాయిస్‌కు ఒక్కదానికే ఐఆర్ఎన్ తీస్తారు.

## బిల్లు ఇచ్చేటప్పుడు, ఆ తర్వాత

సంతకమైన చలానాలు అసలువే ఇచ్చేయాలా, జిరాక్సులా?

జిరాక్సులే ఇవ్వండి. అసలు కాపీ మీ దగ్గరున్న ఏకైక రుజువు. బిల్లు ఫైలు స్టోరు నుంచి అకౌంట్స్‌కు, అక్కడి నుంచి హెడ్ ఆఫీసుకు తిరుగుతూ ఎక్కడో చిక్కుకుంటే, అసలు చలానాలు అందులో ఉంటే మీ చేతిలో ఏమీ మిగలదు. పైన ఇన్వాయిస్, దాని కింద జాబితా, తర్వాత జిరాక్సులు నంబరు వరుసలో పెట్టి ట్యాగుతో కట్టండి. అసలువే చూపాలంటే మీ మనిషి తీసుకెళ్లి, చూపించి, వెనక్కి తేవాలి. బిల్లు ఇచ్చినట్టు మీ కాపీ మీద తేదీతో ఇన్వర్డ్ ముద్ర వేయించుకోండి.

ఒక చలానా సంతకం కాపీ పోయింది. దానికోసం మొత్తం బిల్లు ఆపారు.

అదే నంబరుతో కొత్త చలానా రాసి ఇప్పుడు సంతకం పెట్టించకండి. అది తప్పుడు రికార్డు అవుతుంది. ప్లాంటు దగ్గర ఆ చలానా మొదటి కాపీ ఉంటుంది, గేటు ఇన్వర్డ్ రిజిస్టరులో బండి నంబరు, సమయం ఉంటాయి, స్టోరు వాళ్లు రాసుకున్న రసీదు నంబరు ఉంటుంది. మొదటి కాపీ జిరాక్సు మీద "అసలుతో సరిచూశాం" అని స్టోరు సంతకం, సీలు తీసుకోండి. జాబితాలో ఆ నంబరు ఎదుట రిజిస్టరు పేజీ, తేదీ రాయండి.

బిల్లు ఇచ్చేలోపు ఆ రుజువు దొరకకపోతే, ఆ 40 దిమ్మలు తీసేసి బిల్లు వేద్దామని అకౌంట్స్ అడగవచ్చు. సరుకు వెళ్లింది నిజం కాబట్టి తీసేయకండి. ఒక్క ₹6,720 కాగితం కోసం ₹3,41,880 ఆపకుండా, మిగతా మొత్తం చెల్లించి అది మాత్రం నిలిపి ఉంచమని లిఖితంగా అడగండి.

బిల్లు ఇచ్చాక ఇంకో 4 దిమ్మలు పాడని చెప్పారు. వచ్చే నెల బిల్లులో తగ్గించేద్దామా?

వద్దు. వచ్చే నెల దిమ్మల్లోంచి తగ్గిస్తే ఆ నెల చలానాలకూ ఇన్వాయిస్‌కూ పొంతన చెడుతుంది. ముందు వాళ్ల అభ్యంతరం కాగితం మీద, చలానా నంబరుతో అడగండి. అది న్యాయమే అనిపిస్తే నవంబరు ఇన్వాయిస్ నంబరు చూపుతూ క్రెడిట్ నోట్ ఇవ్వండి: 4 దిమ్మలు ₹640, పన్ను ₹32, మొత్తం ₹672. ప్లాంటు ఆ ₹32 ఐటీసీ తీసుకుని ఉంటే వాళ్లు వెనక్కి తిప్పాలి, అప్పుడే మీ పన్ను తగ్గుతుంది. పన్ను తగ్గించుకునే క్రెడిట్ నోట్‌కు గడువు ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30, లేదా వార్షిక రిటర్ను వేసిన తేదీ, ఏది ముందైతే అది.

"మీ బిల్లు 2బీలో రాలేదు" అని చెల్లింపు ఆపారు. మేం మూడు నెలలకోసారి రిటర్ను వేస్తాం.

అందుకే రాలేదు. మూడు నెలల పద్ధతిలో ఉన్నవాళ్లు త్రైమాసికంలో మొదటి రెండు నెలల బిల్లులను పోర్టల్‌లో ఐఎఫ్ఎఫ్ అనే బిల్లుల ఫారంలో మర్నెల 13లోపు ఎక్కించవచ్చు. నవంబరు ఇన్వాయిస్‌ను డిసెంబరు 13లోపు ఎక్కిస్తే 14న వాళ్ల 2బీలో కనిపిస్తుంది. నెలవారీ రిటర్ను వేసేవాళ్లకు జీఎస్టీఆర్-1 గడువు 11వ తేదీ. చలానాలు ఎన్ని ఉన్నా రిటర్నులో ఎక్కేది ఇన్వాయిస్ ఒక్కటే.

బిల్లు తేదీ నుంచి 30 రోజులకు డబ్బు ఇస్తామంటున్నారు. 45 రోజుల నియమం లోపలే కదా?

ఇక్కడ చాలామంది మోసపోతున్నారు. ఉద్యమ్ నమోదు ఉన్న సూక్ష్మ, చిన్న తయారీ సంస్థలకు ఎంఎస్ఎంఈడీ చట్టం ఇచ్చిన గడువు బిల్లు తేదీ నుంచి లెక్కకు రాదు. సరుకు అందిన రోజు నుంచి వస్తుంది. రాతపూర్వక ఒప్పందం ఉన్నా గరిష్ఠం 45 రోజులు, లేకపోతే 15.

నవంబరు 1న దిగిన ఐసుకు 45 రోజులు డిసెంబరు 16తో అయిపోతాయి. నవంబరు 30 బిల్లుకు 30 రోజులంటే డిసెంబరు 30. అంటే మొదటి వారాల ట్రిప్పులన్నీ గడువు దాటాయి. దీనికి రెండు దారులు ఉన్నాయి. నెలవారీ బిల్లే కావాలంటే చెల్లింపు 15 రోజులని రాయించుకోండి; డిసెంబరు 15 వస్తుంది, మొదటి ట్రిప్పుకు 44వ రోజు. వాళ్లకు 30 రోజులు తప్పదంటే పట్టీ, ఇన్వాయిస్ పక్షానికోసారి పెట్టండి. 1న దిగినదానికి 15న బిల్లు, డిసెంబరు 15న డబ్బు, అదీ 44వ రోజే.

ఈ మాట ప్లాంటుకు చెప్పడంలో మొహమాటం అక్కర్లేదు. గడువు దాటితే రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ వాళ్లు ఇవ్వాలి. 2024-25 మదింపు సంవత్సరం నుంచి, అలా ఆలస్యమైన మొత్తాన్ని చెల్లించిన ఏడాదిలోనే ఆదాయపు పన్నులో ఖర్చుగా చూపగలుగుతున్నారు. మార్చి నెలాఖరుకు బకాయి మిగిలితే నష్టం వాళ్లకే. వాళ్ల ఆడిటరుకు ఈ లెక్క తెలుసు కాబట్టి, ట్రిప్పు తేదీలున్న జాబితాను చెల్లింపు అడిగే లేఖకు కూడా జతచేయండి, ఏ ట్రిప్పుకు ఏ తేదీతో 45 రోజులు నిండుతాయో ఒక గడి అదనంగా చేర్చి.